తహసీల్దార్ నోటీసు ఇంగ్లిష్‌లోకి, లాయర్ జవాబు తెలుగులోకి: చట్టం పదాలు చెదరకుండా అనువదించడం ఎలా

నాన్న పేరు మీదున్న పొలానికి మ్యుటేషన్ నోటీసు వచ్చింది, అది తెలుగులో ఉంది. చెల్లెలు బయటి దేశంలో ఉంది, ఆమె లాయర్‌కి తెలుగు రాదు. ఇంట్లో ఇంగ్లిష్ బాగా వచ్చిన వాళ్లెవరో ఒకరు కూర్చుని అనువదిస్తారు. వారం తర్వాత లాయర్ ఇంగ్లిష్‌లో జవాబు పంపితే దాన్ని మళ్లీ తెలుగులో పెట్టి ఆఫీసులో ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఇది చాలా ఇళ్లలో నడిచే వ్యవహారమే కాబట్టి దీన్నే ఉదాహరణగా తీసుకుని రెండు వైపులా ఎలా చేయాలో చెప్తాను. తెలంగాణలో భూమి హక్కుల చట్టం ఇప్పుడు వేరు, పదాలూ కొన్ని వేరు, అక్కడి కాగితమైతే అక్కడి చట్టమే దగ్గర పెట్టుకోవాలి.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. ఆఫీసు నుంచి వచ్చిన తెలుగు నోటీసులో సగం పదాలు పుట్టుకతో తెలుగు కావు, ఇంగ్లిష్ చట్టంలో ఉన్న మాటని ఎవరో ఎప్పుడో తెలుగు చేసి ఫారంలో పెట్టినవి. మీరు దాన్ని ఇంగ్లిష్‌లోకి మారుస్తున్నప్పుడు కొత్త మాట పుట్టించాల్సిన పని లేదు, అది ఏ చట్టంలోంచి వచ్చిందో వెనక్కి వెళ్లి అక్కడి మాటనే తెచ్చుకోవాలి. మిగతా సగం పోరంబోకు, మండలం, అడంగల్ లాంటివి, వీటికి ఇంగ్లిష్‌లో కూడా అదే పేరు, వీటిని అనువదించనే కూడదు. ఈ రెండు గుంపులు విడదీయడమే సగం పని.

ఇదీ నోటీసు, ఇలాంటివి వచ్చే తీరులోనే నేను రాశాను:

"...గ్రామంలోని సర్వే నం. 214/2లో ఎ.2-20 సెంట్ల మెట్ట భూమికి పట్టాదారు మరణించినందున, సదరు భూమిని తమ పేర మ్యుటేషన్ చేయవలసిందిగా ఆయన పెద్ద కుమారుడు దరఖాస్తు చేసుకొనియున్నారు. సదరు భూమి ప్రస్తుతం దరఖాస్తుదారు అనుభవంలో ఉన్నట్లు గ్రామ రెవెన్యూ అధికారి నివేదించియున్నారు. ఇందుపై అభ్యంతరములు ఏవైనా ఉన్న యెడల ఈ నోటీసు అందిన తేదీ నుండి 30 రోజుల లోపు కింద సంతకం చేసిన వారికి లిఖితపూర్వకంగా తెలియజేయవలెను. గడువు లోపల అభ్యంతరములు రాని యెడల తమకు అభ్యంతరములు లేవని భావించి తదుపరి చర్య తీసుకొనబడును."

మొదటి అడుగు: అనువాదం మొదలుపెట్టకండి

పెన్సిల్ తీసుకుని నోటీసు మొత్తం చదువుతూ ఐదు రకాల వాటి కింద గీత గీయండి. చట్టం పేరు, సెక్షన్ నంబర్లు, రికార్డుల పేర్లు, అధికారుల హోదాలు, భూమి హక్కుకి సంబంధించిన ప్రతి మాట. తర్వాత ఒక కాగితం మీద రెండు వరుసలు గీసి ఎడమ పక్క తెలుగు మాట, కుడి పక్క ఖాళీ. ఆ ఖాళీ నింపడానికి నిఘంటువు దగ్గరికి వెళ్లకండి, చట్టం దగ్గరికి వెళ్లండి.

ఇక్కడ ఆ చట్టం ఆంధ్రప్రదేశ్ భూమి హక్కుల, పట్టాదారు పాసు పుస్తకాల చట్టం, 1971. నోటీసు పైన "విషయం" దగ్గరో, "సూచిక" దగ్గరో పేరు ఉంటుంది. చట్టాల ఇంగ్లిష్ పాఠాలు indiacode.nic.in లో ఉచితంగా దొరుకుతాయి, రాష్ట్ర చట్టాలు కూడా. 2వ సెక్షన్ నిర్వచనాలది, అది ముందు చదవండి. తర్వాత 5వ సెక్షన్, రికార్డు సవరణ గురించి. మీ నోటీసు పుట్టింది ఈ సెక్షన్ నుంచే. అక్కడ "అమెండ్‌మెంట్", "షో కాజ్", "ఇంట్రెస్టెడ్ ఇన్ ఆర్ అఫెక్టెడ్ బై" లాంటి మాటలు కనబడతాయి. మీ కుడి వరుస అక్కడి నుంచే నిండుతుంది. లాయర్ ఆ చట్టం తెరిచి మీ అనువాదం పక్కన పెట్టుకున్నప్పుడు మాటకి మాట దొరకాలి, అదీ అసలు పరీక్ష.

ఒకసారి కుడి వరుసలో పడిన మాటని ఉత్తరం చివరిదాకా అలాగే వాడండి. స్కూల్లో వ్యాసం రాసేటప్పుడు ఒకే మాట పదేపదే వాడొద్దని చెప్పి ఉంటారు, ఇక్కడ ఆ అలవాటు పక్కన పెట్టాలి. మొదటి పేరాలో "అప్లికెంట్" అన్న మనిషిని రెండో పేరాలో "పిటిషనర్" అంటే చదివే లాయర్ ఇద్దరు మనుషులు అనుకుంటాడు, అతని తప్పు లేదు.

రెండో అడుగు: హక్కుల మాటలు, ఇక్కడే కొంపలు మునిగేది

మ్యుటేషన్‌తో మొదలుపెడదాం. చాలామంది దీన్ని "ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ఓనర్‌షిప్" అని రాసేస్తారు, తెలుగులో మాట్లాడేటప్పుడు "పేరు మారింది, పొలం వాడిదైపోయింది" అంటాం కదా, ఆ ఊపులో. కానీ మ్యుటేషన్ అంటే రెవెన్యూ రికార్డులో పేరు మార్చడం మాత్రమే, దానివల్ల కొత్తగా యాజమాన్య హక్కు పుట్టదు, ఉన్నది పోదు, సుప్రీంకోర్టు ఈ మాట ఎన్నోసార్లు చెప్పింది. మీరు యాజమాన్య బదిలీ అని రాస్తే లాయర్ ఇది అమ్మకమో దానమో అనుకుని వేరే దారిలో జవాబు రాస్తాడు. ఇంగ్లిష్‌లోనూ మ్యుటేషన్ అనే రాయండి, అంతే.

తర్వాతది "అనుభవంలో ఉన్నట్లు". ఇది కాస్త మెలిక. భూమికి సంబంధించి తెలుగులో మూడు మాటలున్నాయి, యాజమాన్యం, స్వాధీనం, అనుభవం. యాజమాన్యం హక్కు. స్వాధీనం భూమి చేతిలో ఉండటం. అనుభవం దాని మీద పంట, ఫలసాయం తీసుకుంటూ ఉండటం. అడంగల్ తెరిస్తే పట్టాదారుకి ఒక గడి, అనుభవదారుకి వేరే గడి ఉంటాయి, ఇద్దరూ ఒకరే కానక్కర్లేదు. రెవెన్యూ ఇంగ్లిష్‌లో అనుభవానికి "ఎంజాయ్‌మెంట్", అనుభవదారుకి "ఎంజాయర్" అన్నవి పాత నుంచీ ఉన్న మాటలు. బయటి వాళ్లకి అవి వింతగా వినిపిస్తాయి, అందుకని "ఓనర్" అనో "పొజెషన్" అనో మార్చేయాలని చెయ్యి లాగుతుంది. లాగనివ్వండి, మార్చకండి. అన్న సేద్యం చేస్తున్నాడని వీఆర్వో చెప్పింది వేరు, అన్న యజమాని అని చెప్పడం వేరు. ఆ ఒక్క మాట మీదే చెల్లెలి వాటా నిలబడుతుంది. ఎంజాయ్‌మెంట్ అని రాసి, లాయర్‌కి అర్థం కాదేమో అనిపిస్తే అడుగున అనువాదకుడి గమనికగా "రెవెన్యూ రికార్డుల్లో ఈ మాట సేద్యం చేసి ఫలసాయం తీసుకోవడాన్ని సూచిస్తుంది, యాజమాన్యాన్ని కాదు" అని ఒక లైను పెట్టండి. వివరణ ఎప్పుడూ గమనికలోనే ఉండాలి, పాఠంలోకి జొరబడకూడదు.

ఇంకో జంట, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, వారసత్వ ధ్రువీకరణ పత్రం. మాటల్లో రెండింటినీ వారసుల సర్టిఫికెట్ అనేస్తాం. మొదటిది తహసీల్దార్ ఆఫీసు ఇచ్చేది, కుటుంబంలో ఎవరెవరున్నారో చెప్తుంది. ఇంగ్లిష్‌లో "సక్సెషన్ సర్టిఫికెట్" అంటే 1925 నాటి భారత వారసత్వ చట్టం కింద సివిల్ కోర్టు ఇచ్చేది, చనిపోయిన మనిషికి రావాల్సిన బాకీలు, షేర్లు, బాండ్ల లాంటి వాటి కోసం. నోటీసుకి జతపరిచింది మొదటిదైతే "ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్" అనే రాయాలి. సక్సెషన్ అని రాస్తే కోర్టు ఉత్తర్వు ఉందన్న తప్పుడు కబురు వెళ్తుంది. అనుమానం ఉంటే పత్రం మీద సంతకం ఎవరిదో చూడండి, తహసీల్దారా, జడ్జా, వెంటనే తేలిపోతుంది.

మెట్ట అంటే "డ్రై", మాగాణి అంటే "వెట్". ఇవి శిస్తు వర్గీకరణ పేర్లు, ఇవాళ పొలంలో తడి ఉందా లేదా అన్నదానితో పని లేదు. బోరు వేసి వరి పండిస్తున్నా రికార్డులో మెట్ట అని ఉంటే డ్రై అనే రాస్తాం. బంజరు భూమి అనే అర్థం వచ్చే మాటలు అసలు వాడకూడదు, బంజరు వేరే వర్గం.

మూడో అడుగు: అంకెలు

ఎ.2-20 సెంట్లు. ఆంధ్రలో ఎకరానికి 100 సెంట్లు, కాబట్టి ఇది 2.20 ఎకరాలు. తెలంగాణ కాగితంలో ఇదే ఎ.2-20 అని ఉండి పక్కన గుంటలు అని ఉంటే, ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది రెండున్నర ఎకరాలు. గీత ఒకటే, అంకెలు అవే, తేడా 30 సెంట్లు. సెంట్లో గుంటలో రాయకుండా వదిలేసిన అనువాదాన్ని చదివేవాడు గీతని దశాంశ బిందువు అనుకుంటాడు, సెంట్లైతే అదృష్టం కొద్దీ సరిపోతుంది, గుంటలైతే మునిగిపోతాడు. అందుకే మూలంలో ఎలా ఉంటే అలాగే, యూనిట్ పేరుతో సహా దించండి. హెక్టార్లలోకి, చదరపు గజాల్లోకి మార్చడం మీ పని కాదు. లాయర్ అడిగితే గమనికలో పెట్టండి.

తేదీల్లో నెలని అక్షరాల్లో రాయండి. 05-06 అని అంకెల్లో వదిలేస్తే మనకి అది జూన్ 5, అమెరికాలో చదివేవాళ్లకి మే 6. గడువు లెక్కపెట్టే కాగితంలో ఇంత ప్రమాదం ఎందుకు? ఫైలు నంబరు, దానికి ముందున్న ఆర్.సి. లాంటి పొడి అక్షరాలు, సర్వే నంబర్లో అడ్డగీత, అన్నీ యథాతథం. మనుషుల పేర్ల స్పెల్లింగ్ మీరు సొంతంగా కూర్చకండి, పాస్‌పోర్టులోనో ఆధార్‌లోనో ఉన్నదే వాడండి. ఊరి పేరుకి కూడా రికార్డులో ఉన్న ఇంగ్లిష్ స్పెల్లింగే.

నాలుగో అడుగు: క్రియ దగ్గర ఆగండి

ఆఫీసు తెలుగులో అసలు బలం వాక్యం చివర ఉంటుంది. "తెలియజేయవలెను" అంటే తప్పనిసరి, ఇంగ్లిష్‌లో "షల్". "తెలియజేయవచ్చును" అయితే ఇష్టం, "మే". "తెలియజేయరాదు" నిషేధం, "షల్ నాట్". "తీసుకొనబడును" జరగబోయేది చెప్తుంది, "విల్ బి టేకెన్". వలెనుకి "రిక్వెస్టెడ్ టు" అని మర్యాద జోడించి పలచన చేసేవాళ్లున్నారు. తప్పు. అలాగే "చేయవలసిందిగా కోరడమైనది" అని మూలంలోనే ఉంటే అక్కడ రిక్వెస్టే రావాలి, షల్ అని గట్టిపరచకూడదు.

"ఈ నోటీసు అందిన తేదీ నుండి" అన్నది కూడా ఇలాంటిదే. అందిన తేదీ వేరు, నోటీసు మీద వేసిన తేదీ వేరు, పోస్టులో పది రోజులు పోతే గడువు మొత్తం మారిపోతుంది. "ఫ్రమ్ ద డేట్ ఆఫ్ రిసీట్" అని పూర్తిగా రాయండి, ఊరికే "విదిన్ 30 డేస్" అని కుదించకండి. రేపు తహసీల్దార్ ఉత్తర్వు ఇచ్చాక ఆర్డీవోకి అప్పీలు వేయాల్సి వస్తే అక్కడ ఈ చట్టం ఇచ్చే గడువు 60 రోజులు, అది లెక్కపెట్టేది ఉత్తర్వు తెలియజేసిన తేదీ నుంచి, చట్టం మాటల్లో "కమ్యూనికేషన్". అందిన తేదీ, తెలియజేసిన తేదీ, ఉత్తర్వు తేదీ అని మూడు వేర్వేరు గడియారాలు నడుస్తుంటాయి, కాగితం ఏది అంటే అదే రాయాలి.

ఇక నోటీసులో రెండుసార్లు వచ్చిన "తమ" చూడండి. మొదటి వాక్యంలో "తమ పేర" అంటే దరఖాస్తు పెట్టిన అన్న పేర. చివరి వాక్యంలో "తమకు అభ్యంతరములు లేవని" అంటే నోటీసు అందుకున్న చెల్లెలికి. ఒకటి "హిజ్", రెండోది "యు". గబగబా చదివితే మొదటిదాన్ని కూడా మర్యాద "తమరు" అనుకుని చెల్లెలి పేర మ్యుటేషన్ అడిగినట్టు రాసేస్తారు, అలా జరిగిందంటే లాయర్ అసలు అభ్యంతరమే అక్కర్లేదనుకుంటాడు! తెలుగులో కర్త మింగేసిన వాక్యాలు, తమ, వారు, సదరు వచ్చిన ప్రతి చోటా పక్కన పెన్సిల్‌తో "ఎవరు?" అని రాసుకుని జవాబు దొరికాకే ముందుకెళ్లండి. మూలం నిజంగానే రెండు అర్థాలిస్తుంటే మీరు ఒకటి ఎంచుకోకండి, గమనికలో రెండూ చెప్పండి.

మిగతావి చకచకా. సదరు భూమి "ద సెడ్ ల్యాండ్". కింద సంతకం చేసిన వారు "ది అండర్‌సైన్డ్". గ్రామ రెవెన్యూ అధికారి "విలేజ్ రెవెన్యూ ఆఫీసర్", వేరే రాష్ట్రాల హోదాలు అతికించొద్దు. మండలాన్ని తాలూకా అనొద్దు, బ్లాక్ అనొద్దు, మండలమే. సీలు ఉన్న చోట చదరపు బ్రాకెట్లలో గుండ్రటి సీలు అని పెట్టి అందులో అక్షరాలు రాయండి, చదవడానికి రాకపోతే చదవడానికి వీలుకాలేదని చెప్పండి, ఊహించి నింపకండి. మూలంలోనే తప్పుంటే, సర్వే నంబరు ఒక చోట 214/2 అని ఇంకో చోట 241/2 అని ఉందనుకోండి, రెండూ అలాగే దించి గమనికలో చూపండి. దిద్దడం మీ అధికారంలో లేదు, పైగా ఆ తప్పే లాయర్‌కి పనికొచ్చే పాయింటు కావచ్చు.

ఐదో అడుగు: ఇప్పుడు వెనక్కి, ఇంగ్లిష్ జవాబు తెలుగులోకి

లాయర్ జవాబు సారాంశం ఇదనుకుందాం. తండ్రి వీలునామా రాయకుండా మరణించారు. కూతురు హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం మొదటి తరగతి వారసురాలు. ఆమె తన అవిభక్త వాటాని అమ్మలేదు, దానమివ్వలేదు, వదులుకోలేదు. భాగపంపకం కోరే హక్కుకి భంగం కలగకుండా, తన పేరు కూడా ఉమ్మడిగా నమోదు చేయమని అడుగుతోంది.

ఇటు వైపు పద్ధతి కొద్దిగా మారుతుంది. తెలుగులో స్థిరపడిన మాట ఉంటే వాడండి, వీలునామా, భాగపంపకం, అవిభక్త వాటా ఆఫీసులో అందరికీ తెలుసు. "ఇంటెస్టేట్" కి ఒక్క మాట వెతుక్కోకుండా "వీలునామా రాయకుండా మరణించిన" అని విడదీస్తే తేటగా ఉంటుంది. స్థిరపడిన మాట లేనప్పుడు ఇంగ్లిష్ పదాన్నే తెలుగు అక్షరాల్లో ఉంచండి. "కోపార్సనర్" అని లాయర్ రాస్తే దాన్ని వారసుడు అనకండి, కోపార్సనర్‌కి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే హక్కు, వారసుడికి అవతలి మనిషి పోయాక వస్తుంది. కష్టపడి సంస్కృతం నుంచి ఒక సమాసం తయారు చేస్తే చదవడానికి గంభీరంగా ఉంటుంది కానీ గుమాస్తా దాన్ని దేనితోనూ పోల్చుకోలేడు. నా లెక్కలో అర్థం కాని మంచి తెలుగు కంటే అర్థమయ్యే అరువు మాటే మేలు.

ఇంగ్లిష్‌లో "హాజ్ నాట్ సోల్డ్, గిఫ్టెడ్ ఆర్ రెలింక్విష్డ్" అని ఒక్క నాట్ మూడు క్రియలకీ సరిపోతుంది. తెలుగులో సరిపోదు. "అమ్మి, దానమిచ్చి, వదులుకోలేదు" అని రాస్తే అమ్మింది, దానమిచ్చింది, వదులుకోవడం మాత్రం చేయలేదు అని చదివే వీలుంది. మూడింటికీ విడివిడిగా లేదు తగిలించండి: అమ్మలేదు, దానమివ్వలేదు, హక్కు విడుదల చేయలేదు. చివరిది "హక్కు విడుదల" అనే రాయడం మంచిది, రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఆ దస్తావేజు పేరు అదే కాబట్టి.

"వితౌట్ ప్రెజుడిస్ టు" దగ్గర జాగ్రత్త. ఇది చాలా అనువాదాల్లో మాయమైపోతుంది, అలంకారం అనుకుని తీసేస్తారు, లేదా పక్షపాతం లేకుండా అని రాసేస్తారు, దానికీ దీనికీ సంబంధమే లేదు. ఆమె చెప్తున్నది ఇది: ఇప్పుడు నేను ఉమ్మడి నమోదు అడుగుతున్నానని రేపు భాగపంపకం అడిగే హక్కు వదులుకున్నట్టు కాదు. తెలుగులో "భాగపంపకం కోరే నా హక్కుకు ఎలాంటి భంగం కలగకుండా" అని, ఏ అభ్యర్థనకి ఆ రక్షణ వర్తిస్తుందో దానికి ఆనించి రాయాలి. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది కనుక ఈ ముక్క ముందే రావాలి, ఎక్కడో ఆఖర్న విడి వాక్యంగా పడేస్తే అది దేని గురించో తెలియదు:

"భాగపంపకం కోరే నా హక్కుకు ఎలాంటి భంగం కలగకుండా, సర్వే నం. 214/2లోని సదరు భూమికి సంబంధించి నా పేరును కూడా మిగిలిన మొదటి తరగతి వారసులతో పాటు ఉమ్మడిగా హక్కుల రికార్డులో నమోదు చేయవలసిందిగా కోరుచున్నాను."

"సబ్జెక్ట్ టు" కూడా అంతే, "లోబడి" అని పెట్టి దేనికి లోబడో వెంటనే చెప్పండి. ఇంగ్లిష్ వాక్యం ఎనిమిది లైన్లుంటే తెలుగులో రెండుగా విరగ్గొట్టొచ్చు, షరతు ఉన్న వాక్యాన్ని మాత్రం విరగ్గొట్టకండి, షరతు ఒక వాక్యంలో, అభ్యర్థన ఇంకో వాక్యంలో పడ్డాయంటే రెండోది ఒంటరిగా షరతు లేని అంగీకారంలా కనిపిస్తుంది.

ఆఖరి అడుగు: సరిచూడటం, సంతకం

అనువాదం చదివి బావుందా అని చూసుకోవడం సరిచూడటం కాదు. ఒకరు మూలంలోంచి అంకెలు, తేదీలు, పేర్లు పైకి చదవాలి, ఇంకొకరు అనువాదంలో వేలు పెట్టి చూడాలి. తర్వాత క్రియల కోసం ఇంకో విడత, వలెను ఉన్న ప్రతి చోటా షల్ ఉందా అని. ఆ పైన మూలం చూడని మనిషికి అనువాదం ఇచ్చి మూడు ప్రశ్నలు వేయండి: ఎవరు అడుగుతున్నారు, ఏం అడుగుతున్నారు, ఎప్పటిలోగా ఏం చేయకపోతే ఏమవుతుంది. ఒక్కదానికి తడబడ్డా తప్పు మీ కాగితంలోనే ఉంది.

అనువాదం కింద మీ పేరు, తేదీ, రెండు భాషలూ వచ్చునని, ఇది పూర్తి అనువాదమని, తేడా వస్తే మూలమే ప్రమాణమని రాసి సంతకం చేయండి. కోర్టుకో, కాన్సులేట్‌కో వెళ్లేదైతే ఇంట్లోవాళ్ల సంతకం చాలకపోవచ్చు, ముందే కనుక్కోండి. నోటరీల చట్టం, 1952 ప్రకారం అనువదించడం, అనువాదాన్ని సరిచూసి ధ్రువీకరించడం కూడా నోటరీ పనుల్లో ఒకటే. అయితే నోటరీ మీ సంతకాన్ని ధ్రువీకరించడం వేరు, అనువాదాన్ని ధ్రువీకరించడం వేరు, మీకు ఏది కావాలో అడిగి మరీ స్టాంపు వేయించుకోండి. హైకోర్టు దాకా వెళ్తే, 348వ అధికరణం ప్రకారం అక్కడి వ్యవహారం ఇంగ్లిష్‌లో కాబట్టి, తెలుగు నోటీసుకి ఇంగ్లిష్ అనువాదం జతచేయక తప్పదు. మొదటి రోజు గీసుకున్న ఆ రెండు వరుసల కాగితాన్ని అప్పటిదాకా ఫైల్లోనే ఉంచండి, అప్పటికి లాయర్ మారినా పదాలు మారకుండా ఉంటాయి.